పెరుగుదలకు హద్దు గీసి కొనడం: బుల్ కాల్ స్ప్రెడ్ లెక్క

2024 జూన్ 3, సోమవారం. ఎగ్జిట్ పోల్స్ చూసిన మార్కెట్ ఉత్సాహంతో ఉరకలేసింది. నిఫ్టీ ఒక్కరోజులో 733 పాయింట్లు పెరిగి 23,263.90 దగ్గర ముగిసింది. మర్నాడు ఓట్ల లెక్కింపు. లోక్‌సభతో పాటు ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఫలితాలు కూడా అదే రోజు వచ్చాయి కాబట్టి తెలుగువాళ్లలో చాలామందికి ఆ మంగళవారం రెండు రకాలుగా గుర్తుండిపోయింది. ఢిల్లీ ఫలితాలు ఎగ్జిట్ పోల్స్ చెప్పినట్టు రాకపోవడంతో నిఫ్టీ 1,379 పాయింట్లు పడిపోయి 21,884.50 దగ్గర ఆగింది. అయితే శుక్రవారం, జూన్ 7 నాటికి అదే నిఫ్టీ 23,290.15కు చేరింది. అంటే సోమవారం ముగింపు కంటే కాస్త పైనే.

సోమవారం సాయంత్రం 'మార్కెట్ ఇంకా పెరుగుతుంది' అనుకున్నవాడి అంచనా వారం తిరిగేసరికి తప్పు కాలేదు. అయినా ఆ అంచనాతో నిఫ్టీ ఫ్యూచర్స్ కొన్నవాడికి మంగళవారం మధ్యాహ్నానికే బ్రోకర్ నుంచి మార్జిన్ కట్టమని సందేశాలు వచ్చి ఉంటాయి. కట్టలేనివాడు అడుగున అమ్ముకుని బయటపడాల్సిందే. శుక్రవారం దాకా నిలబడే అవకాశం అతనికి లేదు. నష్టానికి ముందే గోడ కట్టుకున్నవాడు మాత్రం నిలబడగలడు. పెరుగుదల మీద నమ్మకం ఉండీ పతనానికి గోడ కావాలనుకునేవాళ్లు వాడే పద్ధతుల్లో బుల్ కాల్ స్ప్రెడ్ ఒకటి. ఇందులో గరిష్ఠ నష్టం, గరిష్ఠ లాభం, లాభనష్టాలు రెండూ లేని బ్రేక్‌ఈవెన్ స్థాయి, మూడూ ఆర్డర్ పెట్టకముందే కాగితం మీద తేలిపోతాయి. లెక్క చిన్నది. కానీ ఆ మూడు అంకెలు ఏ రోజుకు వర్తిస్తాయో, ఏ షరతు మీద నిలబడతాయో తెలియక దెబ్బతినేవాళ్లు ఎక్కువ.

ముందు కాల్ ఆప్షన్ సంగతి. స్థలం కొనాలనుకున్నవాడు ధర ఖాయం చేసుకుని బయానా ఇచ్చినట్టు, కాల్ కొన్నవాడు ఒక ఖాయమైన ధరకు కొనే హక్కు కోసం కొంత సొమ్ము ఇస్తాడు. ఆ ఖాయమైన ధర స్ట్రైక్, ఇచ్చిన సొమ్ము ప్రీమియం, గడువు తేదీ ఎక్స్‌పైరీ. తేడా ఒక్కటే: బయానా చివరికి స్థలం ధరలో కలుస్తుంది, ప్రీమియం దేంట్లోనూ కలవదు. ఇచ్చింది ఇచ్చినట్టే. నిఫ్టీ మీద ఇలాంటి ఆప్షన్లను నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 2001 జూన్ 4న మొదలుపెట్టింది. వీటిలో సూచీని ఎవరూ ఎవరికీ అప్పగించరు. ఎక్స్‌పైరీ నాడు నిఫ్టీ ముగింపు స్థాయి స్ట్రైక్ కంటే ఎంత పైన ఉంటే అంత డబ్బు కాల్ కొన్నవాడికి వస్తుంది. పైన లేకపోతే ఏమీ రాదు.

బుల్ కాల్ స్ప్రెడ్‌లో ఇలాంటి కాల్స్ రెండుంటాయి. ఒకటి కొంటారు, మరొకటి అమ్ముతారు. రెండూ ఒకే సూచీ మీద, ఒకే ఎక్స్‌పైరీతో, ఒకే సంఖ్యలో ఉండాలి. కొనేది తక్కువ స్ట్రైక్ ఉన్నది, అమ్మేది ఎక్కువ స్ట్రైక్ ఉన్నది. తక్కువ స్ట్రైక్ కాల్ ఎప్పుడూ ఖరీదైనది కాబట్టి, అమ్మగా వచ్చిన డబ్బు పోను చేతి నుంచి కొంత పడుతుంది. దాన్ని నెట్ డెబిట్ అంటారు. ఈ కట్టడంలోని ఆలోచన సూటిగా ఉంటుంది: మార్కెట్ పెరుగుతుందని నమ్ముతున్నాను, కానీ ఫలానా స్థాయి దాటి పోతుందని నమ్మడం లేదు. ఆ నమ్మకం లేని పై భాగాన్ని ఇంకొకరికి అమ్మేసి, వచ్చిన డబ్బుతో నమ్మకం ఉన్న కింది భాగాన్ని చవకగా కొనుక్కుంటున్నాను.

అంకెల్లో చూద్దాం. నిఫ్టీ 25,000 దగ్గర ఉంది, ఎక్స్‌పైరీకి పది రోజులుంది అనుకుందాం. ట్రేడర్ తెర మీద `NIFTY 25000 CE` ధర 220 రూపాయలు, `NIFTY 25300 CE` ధర 95 రూపాయలు. ఇవి ఏ ఒక్క రోజు మార్కెట్ ధరలో కావు. ఏడాదికి 12 శాతం వోలటాలిటీ అనుకుని లెక్క కడితే వచ్చే ధరలకు దగ్గరగా తీసుకున్నవి. ట్రేడర్ మొదటిది కొని రెండోది అమ్ముతాడు. ఇచ్చింది 220, వచ్చింది 95. నెట్ డెబిట్ 125. రెండు స్ట్రైకుల మధ్య దూరం 300. ఇక అన్ని సమాధానాలూ ఈ 125, 300 అనే రెండు అంకెల్లోనే ఉన్నాయి.

గరిష్ఠ నష్టం చూద్దాం. ఎక్స్‌పైరీ నాడు నిఫ్టీ 25,000 దగ్గరో అంతకంటే కిందో ముగిస్తే రెండు కాల్స్‌కూ విలువ ఉండదు. కొన్నదాని మీద ఏమీ రాదు, అమ్మినదాని మీద ఏమీ ఇవ్వక్కర్లేదు. పోయేది కట్టిన 125 మాత్రమే. నిఫ్టీ 24,800 అయినా 22,000 అయినా నష్టం అదే 125. గరిష్ఠ నష్టం అంటే నెట్ డెబిట్, అంతే.

ఇప్పుడు పైకి వెళ్దాం. నిఫ్టీ 25,800 దగ్గర ముగిసిందనుకుంటే కొన్న కాల్ మీద 800 వస్తుంది, అమ్మిన కాల్ మీద 500 ఇవ్వాలి. చేతిలో మిగిలేది 300. అందులో కట్టిన 125 తీసేస్తే లాభం 175. నిఫ్టీ 25,300 దగ్గరే ఆగినా లెక్క ఇదే: కొన్నదాని మీద 300, అమ్మినదాని మీద సున్నా, కట్టిన 125 పోను 175. 25,300 దాటాక ఒక చేత్తో వచ్చిన ప్రతి రూపాయీ రెండో చేత్తో పోతుంది కాబట్టి లాభం పెరగదు. గరిష్ఠ లాభం అంటే స్ట్రైకుల మధ్య దూరంలోంచి నెట్ డెబిట్ తీసేయగా మిగిలింది.

బ్రేక్‌ఈవెన్ ఇంకా సులభం. కట్టిన 125 వెనక్కి రావాలంటే కొన్న కాల్ 125 విలువ చేయాలి. అంటే నిఫ్టీ 25,125 దగ్గర ముగియాలి. కింది స్ట్రైక్‌కు నెట్ డెబిట్ కలిపితే బ్రేక్‌ఈవెన్. 25,200 దగ్గర ముగిస్తే 200లోంచి 125 పోను 75 లాభం. 25,060 దగ్గర ముగిస్తే 60 వస్తుంది, కట్టింది 125, కాబట్టి 65 నష్టం. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. నిఫ్టీ పెరిగినా, ఆ పెరుగుదల 125 పాయింట్లు దాటకపోతే పెరుగుతుందన్న అంచనా నిజమై కూడా డబ్బు పోతుంది.

ఈ పాయింట్లను రూపాయల్లోకి మార్చాలంటే లాట్ సంఖ్యతో గుణించాలి. నిఫ్టీ లాట్ 2024 నవంబరులో 25 నుంచి 75కు పెరిగింది, తర్వాత 65కు తగ్గింది. ఎక్స్ఛేంజ్ దీన్ని అప్పుడప్పుడూ మారుస్తుంటుంది కాబట్టి ఆర్డర్ పెట్టే రోజు చూసుకోవాల్సిందే. 65 లెక్కన ఈ స్ప్రెడ్‌లో గరిష్ఠ నష్టం 8,125 రూపాయలు, గరిష్ఠ లాభం 11,375 రూపాయలు.

అమ్మకం లేకుండా 25,000 కాల్ ఒక్కటే కొంటే పోదా అనే ప్రశ్న ఎవరికైనా వస్తుంది. పోల్చి చూస్తే, ఒంటరి కాల్ ఖరీదు 220, అంటే లాట్‌కు 14,300 రూపాయలు. బ్రేక్‌ఈవెన్ 25,220. స్ప్రెడ్ కంటే 95 పాయింట్లు ఎక్కువ పెరిగితే గానీ అసలు రాదు. దానికి బదులుగా ఒంటరి కాల్ లాభానికి పైకప్పు లేదు. మరి ఆ పైకప్పు లేకపోవడం ఎక్కడినుంచి పనికొస్తుంది? స్ప్రెడ్ గరిష్ఠంగా ఇచ్చే 175ను ఒంటరి కాల్ అందుకోవాలంటే నిఫ్టీ 25,395 చేరాలి. ఇది అమ్మిన స్ట్రైక్ 25,300కు, అమ్మగా వచ్చిన 95 కలిపితే వచ్చే అంకె. ఎక్స్‌పైరీ నాడు నిఫ్టీ 25,395 కంటే ఎంత కింద ముగిసినా ఒంటరి కాల్ కంటే స్ప్రెడ్డే మెరుగు. నిఫ్టీ పడిపోయిన సందర్భాలు కూడా ఇందులోకే వస్తాయి. అక్కడ నుంచి పైకి మాత్రమే ఒంటరి కాల్ గెలుస్తుంది. పది రోజుల్లో నిఫ్టీ 25,395 దాటుతుందని గట్టి నమ్మకం ఉన్నవాడికి ఈ స్ప్రెడ్ అనవసరం. ఆ నమ్మకం లేనివాడు ఒంటరి కాల్ కొంటే, తాను నమ్మని పెరుగుదలకు కూడా ఖరీదు కడుతున్నట్టే. స్ప్రెడ్ గురించి చెప్పే పాఠాల్లో ఈ నాలుగో అంకె అరుదుగా కనిపిస్తుంది. రెండింట్లో ఏది ఎంచుకోవాలో తేల్చేది నిజానికి ఇదే.

ఇంతవరకూ చెప్పిన అంకెలన్నీ ఎక్స్‌పైరీ రోజువి. కొత్తవాళ్లు కంగుతినేది ఇక్కడే. స్ప్రెడ్ కట్టిన మూడు రోజులకే నిఫ్టీ 25,300 చేరిందనుకుందాం. అనుకున్న స్థాయి వచ్చేసింది, 175 లాభం వచ్చేసి ఉంటుందని ట్రేడర్ తెర తెరిచి చూస్తాడు. ఇంకా వారం గడువున్న 25,000 కాల్ అదే 12 శాతం వోలటాలిటీ దగ్గర సుమారు 380 పలుకుతుంటుంది. 25,300 కాల్ సుమారు 182 ఉంటుంది. తేడా 198. కట్టింది 125 కాబట్టి లాభం 73 మాత్రమే, లాట్‌కు 4,745 రూపాయలు. గరిష్ఠ లాభంలో సగం కూడా కాదు. మిగతా సొమ్ము ఏమైంది? అది అమ్మిన కాల్‌లో ఇరుక్కుని ఉంది. నిఫ్టీ 25,300 దగ్గర ఉన్నప్పుడు 25,300 కాల్‌లో ఉన్నదంతా కాలానికి కట్టిన విలువే, అది రోజురోజుకూ కరుగుతూ ఎక్స్‌పైరీకి సున్నా అవుతుంది. అప్పటిదాకా నిఫ్టీ 25,300 దగ్గరో పైనో నిలబడితే 175 పూర్తిగా చేతికొస్తుంది.

అందువల్ల ఈ దశలో ట్రేడర్ ముందు నిజమైన ఎంపిక ఒకటుంటుంది. 73 తీసుకుని బయటపడాలా, మరో 102 కోసం వారం ఆగాలా? ఆగితే మార్కెట్ తిరిగి 25,125 కిందికి జారినప్పుడు వచ్చిన లాభమంతా పోయి నష్టం మొదలవుతుంది. ఇప్పుడు చేతిలో 198 విలువైన వస్తువు ఉంది, వారం ఆగితే అది 300 దాకా పెరగొచ్చు, సున్నా కూడా కావచ్చు. మొదట కట్టిన 125ను పక్కనపెట్టి, ఈ 198ని ఇవాళ కొత్తగా ఈ పందెంలో పెడతానా అని అడుగుకుంటే చాలావరకు స్పష్టత వస్తుంది. చాలామంది అనుభవజ్ఞులు గరిష్ఠ లాభంలో సగానికి పైగా చేతికి వచ్చాక చివరి రూపాయి కోసం ఎక్స్‌పైరీ దాకా కూర్చోరు. చివరి రెండు రోజుల్లో సూచీలో చిన్న కదలిక కూడా స్ప్రెడ్ విలువను పెద్దగా ఊపేస్తుంది మరి.

వోలటాలిటీ విషయంలో మాత్రం స్ప్రెడ్ చేసే మేలు తేలిగ్గా కంటికి కనపడదు. ఎన్నికల ఫలితాలు, బడ్జెట్, రిజర్వు బ్యాంకు నిర్ణయం లాంటి రోజుల ముందు ఆప్షన్ ధరలు ఉబ్బుతాయి. సంఘటన అయిపోగానే చప్పున దిగుతాయి. మన ఉదాహరణలో నిఫ్టీ 25,000 దగ్గరే కదలకుండా ఉండి, వోలటాలిటీ 12 శాతం నుంచి 10కి దిగిందనుకుంటే 220 ఉన్న కాల్ సుమారు 189 అవుతుంది. ఒంటరిగా కొన్నవాడికి 31 పాయింట్లు గాలిలో కలిసినట్టే. స్ప్రెడ్ కట్టినవాడి 25,300 కాల్ కూడా 95 నుంచి సుమారు 68కి దిగుతుంది. అది అతను అమ్మినది కాబట్టి ఆ 27 అతనికి లాభం. నికరంగా నష్టం 4 పాయింట్లే. పెద్ద ప్రకటనకు ముందు రోజు కాల్ కొనాలనిపించినవాడు స్ప్రెడ్ వైపు చూడటానికి ఇదొక్కటే చాలినంత కారణం.

స్ట్రైకులు ఎలా ఎంచుకోవాలన్నది వేరే సంగతి. ఇక్కడ చవక అనే మాట మోసం చేస్తుంది. అదే రోజు, అదే గడువుకు 25,300 కాల్ 95కు కొని 25,600 కాల్ 33కు అమ్మితే నెట్ డెబిట్ 62 మాత్రమే. గరిష్ఠ లాభం 238. ఒక రూపాయి పెడితే నాలుగు వస్తాయన్నట్టు కనిపిస్తుంది. మొదటి స్ప్రెడ్‌లో ఒక రూపాయికి వచ్చేది రూపాయి నలభై పైసలే. కానీ కొత్త స్ప్రెడ్ బ్రేక్‌ఈవెన్ 25,362. నిఫ్టీ పది రోజుల్లో 362 పాయింట్లు పెరిగితే గానీ పెట్టింది తిరిగి రాదు. ఈ ధరల వెనుక ఉన్న 12 శాతం వోలటాలిటీ లెక్క ప్రకారమే చూస్తే మొదటి స్ప్రెడ్ బ్రేక్‌ఈవెన్ దాటే అవకాశం వందకు 43 లేదా 44, రెండోదానికి 26 దగ్గర. మార్కెట్ లాభాన్ని ఊరికే పెంచి ఇవ్వదు. అవకాశాన్ని తగ్గించి ఆ మేరకు పెంచుతుంది. లాభనష్టాల నిష్పత్తి ఒక్కటే చూసి స్ప్రెడ్ ఎంచుకునేవాడు లెక్కలో సగమే చేసినట్టు. అమ్మే స్ట్రైక్ తన లక్ష్యం దగ్గర ఉందా, బ్రేక్‌ఈవెన్ తన అంచనాకు ఎంత కింద ఉంది అన్నవి ముందు చూడాలి. 25,300 దాకా పెరుగుతుందని నమ్మేవాడికి 25,300, 25,600 స్ప్రెడ్ తగదు. అతని అంచనా అక్షరాలా నిజమై నిఫ్టీ సరిగ్గా 25,300 దగ్గర ముగిసినా అతను కట్టిన 62 మొత్తం పోగొట్టుకుంటాడు.

కాగితం మీది అంకెలు ఖాతాలోకి వచ్చేసరికి కొంచెం చెడతాయి. తెర మీద 220 అని కనిపించేది చివరిగా జరిగిన లావాదేవీ ధర. కొనేటప్పుడు అమ్మేవాడు అడిగే ధర ఇవ్వాలి, అమ్మేటప్పుడు కొనేవాడు ఇస్తానన్న ధరకే అమ్మాలి. రెండు కాల్స్‌లోనూ చెరో రెండు పాయింట్లు ఇలా జారితే నెట్ డెబిట్ 125 కాదు, 129. వెంటనే గరిష్ఠ నష్టం 129కి పెరుగుతుంది, గరిష్ఠ లాభం 171కి తగ్గుతుంది, బ్రేక్‌ఈవెన్ 25,129కి జరుగుతుంది. ఒక్క తప్పు మూడు అంకెలనూ ఒకేసారి చెడగొడుతుంది. అందుకే మార్కెట్ ఆర్డర్ కాకుండా లిమిట్ ఆర్డర్ వాడాలి. నిఫ్టీలో అయితే గుండ్రని స్ట్రైకుల దగ్గర ఈ జారుడు తక్కువ. అంతగా లావాదేవీలు జరగని షేర్ల ఆప్షన్లలో ఇది లాభాన్నే మింగేయగలదు.

ఖర్చులు దీనికి తోడు. స్ప్రెడ్‌లోకి దిగడానికి రెండు ఆర్డర్లు, బయటికి రావడానికి రెండు. ఆర్డర్‌కు 20 రూపాయలు తీసుకునే బ్రోకర్ దగ్గర బ్రోకరేజీయే 80. దాని మీద జీఎస్టీ, ఎక్స్ఛేంజ్ రుసుము, అమ్మిన ప్రీమియం మీద సెక్యూరిటీస్ ట్రాన్సాక్షన్ ట్యాక్స్ ఉంటాయి. ఈ పన్ను 2024 అక్టోబరు 1న 0.0625 శాతం నుంచి 0.1 శాతానికి పెరిగింది. బడ్జెట్లు దీన్ని మారుస్తుంటాయి. మన ఉదాహరణలో అన్నీ కలిపితే ఒక లాట్‌కు రెండు మూడు పాయింట్ల దాకా తేలుతుంది. నిజమైన బ్రేక్‌ఈవెన్ 25,128 దగ్గరని అనుకోవడం మంచిది. ఒక స్ప్రెడ్‌కు ఇది చిన్న మొత్తమే, వారం వారం చేసేవాడికి కాదు. సెబీ 2024 సెప్టెంబరులో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 2021-22 నుంచి మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. ఖర్చులతో కలిపి సగటున ఒక్కొక్కరి నష్టం రెండు లక్షల రూపాయల దగ్గర తేలింది. గరిష్ఠ నష్టం ముందే తెలిసిన స్ప్రెడ్ కూడా పదే పదే చేస్తే ఆ జాబితాలోకి చేర్చగలదు.

ఇంకో తికమక మార్జిన్ దగ్గర వస్తుంది. గరిష్ఠ నష్టం 8,125 కదా, ఖాతాలో పది వేలుంటే చాలనుకుని ఆర్డర్ పెట్టినవాడికి డబ్బు చాలదనే సందేశం ఎదురవుతుంది. రెండో కాల్ అమ్ముతున్నాడు కాబట్టి ఎక్స్ఛేంజ్ కొంత సొమ్ము ఆపి ఉంచుతుంది. సూచీ ఆప్షన్ అమ్మినప్పుడు ఒప్పందం విలువలో 2 శాతం ఎక్స్‌ట్రీమ్ లాస్ మార్జిన్ పట్టుకుంటుంది. 25,000ను 65తో గుణిస్తే 16.25 లక్షలు, అందులో 2 శాతం 32,500. ఇది పోయే డబ్బు కాదు, ఆగే డబ్బు. స్ప్రెడ్ మూసేయగానే తిరిగి వస్తుంది. కానీ 11,375 లాభాన్ని 8,125తో పోల్చి నూటనలభై శాతం రాబడి అని మురిసిపోయేవాడు, నిజంగా కట్టిపడేసిన సొమ్ము నలభై వేల దగ్గర ఉందని గుర్తుంచుకోవాలి. ఎక్స్‌పైరీ రోజున అమ్మిన సూచీ ఆప్షన్ల మీద మరో 2 శాతం అదనపు మార్జిన్‌ను సెబీ 2024 నవంబరు నుంచి అమల్లోకి తెచ్చింది.

అయినా స్ప్రెడ్‌కు ఈ మార్జిన్ తక్కువే. కొన్న కాల్ అండగా ఉంది కాబట్టే ఇంతతో సరిపోతోంది. కొన్న కాల్ లేకుండా 25,300 కాల్ ఒక్కటే అమ్మితే లక్షకు పైగా కావాలి. అందువల్ల దిగేటప్పుడు ముందు కొనాలి, తర్వాత అమ్మాలి. వచ్చేటప్పుడు వరస తిరగబడుతుంది: అమ్మినదాన్ని ముందు తిరిగి కొని, ఆ తర్వాతే కొన్నదాన్ని అమ్మాలి. లాభంలో ఉన్న కాల్‌ను ముందు అమ్మేసుకుని రెండోది తర్వాత చూద్దాంలే అనుకుంటే ఆ క్షణం నుంచి అతను స్ప్రెడ్‌లో లేడు. అండ లేకుండా కాల్ అమ్మినవాడిగా నిలబడ్డాడు. మార్జిన్ ఒక్కసారిగా పెరుగుతుంది, నిఫ్టీ పైకి పరుగెత్తితే నష్టానికి హద్దు ఉండదు. గరిష్ఠ నష్టం 125 అన్న మాట రెండు కాళ్లూ కలిసి ఉన్నంతసేపే నిజం. చాలా బ్రోకర్ల దగ్గర రెండింటినీ ఒకే బుట్టగా పంపే ఏర్పాటు ఉంది. దాన్ని వాడినా రెండు ఆర్డర్లూ పూర్తయ్యాయో లేదో ఆర్డర్ బుక్‌లో చూసుకోవాలి. ఒకటి నిండి రెండోది వేలాడుతుంటే చేతిలో ఉన్నది అనుకున్న స్ప్రెడ్ కాదు.

నిఫ్టీ మీద కాకుండా ఒక కంపెనీ షేరు మీద ఇదే కట్టడం వేసేవాడు చివరి రోజు గురించి ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మన దేశంలో షేర్ల ఆప్షన్లు 2019 అక్టోబరు నాటికి పూర్తిగా భౌతిక సెటిల్‌మెంట్‌లోకి మారాయి. అంటే ఎక్స్‌పైరీ నాడు లాభంలో ముగిసిన కాల్‌కు డబ్బు తేడా ఇవ్వరు, షేర్లే ఇస్తారు, పూర్తి ధర కట్టాలి. లాట్ 500 షేర్లున్న ఒక కంపెనీలో 1,400 కాల్ కొని 1,440 కాల్ అమ్మాడనుకుందాం. షేరు 1,460 దగ్గర ముగిస్తే కొన్న కాల్ మీద వచ్చే షేర్లు, అమ్మిన కాల్ మీద ఇవ్వాల్సిన షేర్లు ఒకదానికొకటి సరిపోతాయి. 1,390 దగ్గర ముగిస్తే రెండూ రద్దవుతాయి. చిక్కు మధ్యలోనే ఉంది. 1,420 దగ్గర ముగిస్తే కొన్న కాల్ మాత్రమే అమలవుతుంది. 500 షేర్లకు 1,400 చొప్పున ఏడు లక్షల రూపాయలు కట్టాలి. నెట్ డెబిట్‌గా ఏడెనిమిది వేలు పెట్టి దిగినవాడికి ఇది ఊహించని బిల్లు. గడువు దగ్గరపడే చివరి రోజుల్లో బ్రోకర్లు మార్జిన్ పెంచుతూ పోవడానికి, కట్టకపోతే తామే పొజిషన్ మూసేయడానికి కారణం ఇదే. షేర్లు తీసుకునే ఉద్దేశం లేనివాడు లాభనష్టాలతో పని లేకుండా ఎక్స్‌పైరీకి ఒకటి రెండు రోజుల ముందే, అమ్మిన కాల్ మొదట, కొన్న కాల్ తర్వాత మూసేసి బయటికి వస్తాడు. ఆ రోజు రెండు కాల్స్ ధరల మధ్య ఎంత తేడా ఉంటే అతనికి దక్కేది అంతే, కాగితం మీద రాసుకున్న గరిష్ఠ లాభం కాదు.